క్లయింటు పోస్టుకు ఐదు వాక్యాల పిచ్, పక్కన ఒకే ఒక్క శాంపిల్: ఒంగోలు గ్రానైట్ స్టాక్ షీటు ఉదాహరణతో

ఫ్రీలాన్స్ పని వెతుక్కునే మన పిల్లలు చాలామంది ఒక పెద్ద మెసేజ్ రాసి పెట్టుకుంటారు. అందులో చదువు, అనుభవం, తెలిసిన సాఫ్ట్‌వేర్లు, పాత పనుల లింకులు ఏడెనిమిది ఉంటాయి. ఏ పోస్టు కనపడినా అదే అతికించి పంపేస్తారు. దానికి జవాబు రాదు. ఎందుకు రాదంటే పోస్టు పెట్టినవాడు ఆ సమయంలో మనిషి కోసం వెతకడం లేదు, తన తలనొప్పి ఎవరికి అర్థమైందా అని చూస్తున్నాడు. అది అర్థమైందని చూపించడానికి ఐదు వాక్యాలు చాలు. కాకపోతే ఆ ఐదు రాయడానికి ముప్పావు గంట కూర్చోవాలి, పోస్టును రెండు మూడు సార్లు చదవాలి, శాంపిల్‌ను ఆ పోస్టు కోసమే కత్తిరించాలి. ఆ పని ఎలా చేయాలో ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను.

ఉదాహరణ మన దగ్గరిదే తీసుకుందాం. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని చీమకుర్తి వైపు వెళ్తే గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, ఫ్యాక్టరీలు, స్లాబులు నిలబెట్టిన యార్డులు వరసగా కనిపిస్తాయి. అలాంటి ఒక వ్యాపారి ఈ పోస్టు పెట్టాడనుకోండి:

"మా మూడు యార్డుల స్లాబు స్టాకు మూడు ఎక్సెల్ షీట్లలో ఉంది. సుమారు 1,800 స్లాబులు. అన్నీ ఒకే షీటులోకి కావాలి. సైజులు కొన్ని సెంటీమీటర్లలో, కొన్ని అంగుళాల్లో ఉన్నాయి. కొన్ని స్లాబులు రెండుసార్లు ఎక్కాయి. వారంలో కావాలి."

రాసే ముందు పోస్టును ఎలా చదవాలి

పోస్టులో ఉన్న ప్రతి అంకె కింద గీత గీయండి. మూడు యార్డులు, 1,800 స్లాబులు, వారం. తర్వాత అతను ఫిర్యాదులా రాసిన మాటలు చూడండి: కొలతలు కలిసిపోయాయి, డబుల్ ఎంట్రీలు ఉన్నాయి. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైంది, అతను రాయకుండా వదిలేసినది ఏమిటో వెతకండి. ఈ పోస్టులో స్లాబుల సైజులు గ్రాసా, నెట్టా అన్నది లేదు. గ్రానైట్‌లో పనిచేసినవాళ్లకు ఇది తెలుసు: స్లాబు అంచు నుంచి అంచుకు కొలిస్తే గ్రాస్, అంచుల్లో విరిగిపోయే భాగం కింద కొన్ని సెంటీమీటర్లు తీసేసి బిల్లుకు లెక్క కట్టేది నెట్. దీని సంగతి ఐదో వాక్యం దగ్గర మళ్లీ చూద్దాం.

కొందరు క్లయింట్లు పోస్టు చివర్లో "మొదటి లైనులో ఫలానా మాట రాయండి" అని పెడతారు. అది మీరు చివరి దాకా చదివారో లేదో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష, దాన్ని వదిలేస్తే మిగతాది ఎంత బాగా రాసినా చదవరు. ముందుగా డిపాజిట్ కట్టమనే పోస్టుకూ, శాంపిల్ పేరుతో పని మొత్తం ఉచితంగా చేసి పంపమనే పోస్టుకూ అసలు రాయవద్దు.

మొదటి వాక్యం: అతని సమస్య, అతని అంకెలతో

అప్‌వర్క్ లాంటి ఫ్రీలాన్స్ సైట్లలో క్లయింటుకు ముందు ప్రపోజల్స్ జాబితాగా కనిపిస్తాయి, ఒక్కోదాంట్లో మొదటి రెండు లైన్లే బయటికి కనబడతాయి. వాట్సాప్‌లో పంపినా నోటిఫికేషన్‌లో కనిపించేది అంతే. ఆ రెండు లైన్లలో "నా పేరు ఫలానా, నేను ఎమ్‌సీఏ చేశాను, నాకు నాలుగేళ్ల అనుభవం ఉంది" అని ఉంటే, పక్కవాళ్లవీ అలాగే ఉంటాయి కాబట్టి అతని వేలు ఆగదు. అందుకే నమస్తే అని ఒక్క మాటతో పలకరించి నేరుగా విషయంలోకి దిగాలి.

అలాగని పోస్టులో ఉన్నదే తిరిగి రాస్తే కూడా లాభం లేదు. "మీకు మూడు షీట్లు ఒకటిగా కావాలని చూశాను" అంటే అతనికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. అతను చెప్పినదాన్ని ఒక అడుగు ముందుకు తీసుకెళ్లి, దానివల్ల వచ్చే నష్టాన్ని పేరు పెట్టి చెప్పాలి. ఇక్కడ ఆ నష్టం ఏమిటో లెక్క వేసి చూడండి. 300 సెంటీమీటర్ల పొడవు, 180 ఎత్తు ఉన్న స్లాబు 58.13 చదరపు అడుగులు. అవే అంకెలను అంగుళాలనుకుని లెక్క కడితే 375 చదరపు అడుగులు వస్తుంది. అంత పెద్ద స్లాబు ఉండదు కాబట్టి ఈ తప్పు ఇట్టే దొరికిపోతుంది. దొరకనిది వేరే ఉంది. ఎత్తు 70 అని ఉంటే, అది పెద్ద స్లాబుకు అంగుళాల్లో రాసిన కొలత కావచ్చు, చిన్న కట్టర్ స్లాబుకు సెంటీమీటర్లలో రాసిన కొలత కూడా కావచ్చు, రెండూ నమ్మేలాగే ఉంటాయి. ఇదంతా పిచ్‌లో రాయనక్కర్లేదు. కానీ ఇది తెలిసినవాడు రాసిన వాక్యం వేరేగా ఉంటుంది:

"నమస్తే సార్, మీ మూడు షీట్లలో సెంటీమీటర్లు, అంగుళాలు కలిసిపోయాయి కాబట్టి, కలిపే ముందే ఏ స్లాబు ఏ కొలతలో ఉందో తేల్చకపోతే మొత్తం చదరపు అడుగులు తప్పు వస్తాయి."

రెండో వాక్యం: ఏం చేస్తారో, ఏ వరసలో చేస్తారో

ఇక్కడ "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, పవర్ క్వెరీ, వీబీఏ బాగా వచ్చు" అని రాయాలనిపిస్తుంది. గ్రానైట్ వ్యాపారికి అవి ఏమీ చెప్పవు. తన స్లాబులకు ఏం జరగబోతుందో అతని మాటల్లో చెప్పండి. అతనికున్న అసలు భయం కూడా ఈ వాక్యంలోనే తీరాలి: ఎవరో షీటు తీసుకుని, డబుల్ అనుకుని నిజమైన స్లాబును తీసేస్తారేమో అని. రెండు స్లాబుల సైజు ఒకటే అయినంత మాత్రాన అవి ఒకటే స్లాబు కాదు, ఒకే బ్లాకు నుంచి కోసిన స్లాబులన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి. బ్లాకు నంబరు, స్లాబు నంబరు రెండూ కలిస్తేనే డబుల్ అని అనుమానించాలి. ఎ కాలమ్‌లో బ్లాకు నంబరు, బి కాలమ్‌లో స్లాబు నంబరు, సి, డి కాలమ్స్‌లో సెంటీమీటర్లలోకి మార్చిన పొడవు, ఎత్తు ఉంటే, పనిలో వాడేవి ఈ రెండు ఫార్ములాలే:

```
=COUNTIFS(A:A,A2,B:B,B2)
=ROUND(C2*D2/929.0304,2)
```

మొదటిది ఒకటికి మించి చూపిస్తే ఆ జత మళ్లీ ఎక్కడో ఉందని అర్థం. రెండోది చదరపు సెంటీమీటర్లను చదరపు అడుగులుగా మారుస్తుంది. ఇవి మీ దగ్గరే ఉంచుకోండి, పిచ్‌లో పెట్టవద్దు. పిచ్‌లోకి వెళ్లే వాక్యం ఇది:

"ముందు బ్లాకు నంబరు, స్లాబు నంబరు జతను బట్టి రెండుసార్లు ఎక్కినవి పట్టుకుని, తర్వాత కొలతలన్నీ ఒకే లెక్కలోకి మారుస్తాను, అనుమానం ఉన్న వరుసలను చెరిపేయకుండా పసుపు రంగు వేసి మీకు చూపిస్తాను."

ఆ "చెరిపేయకుండా" అన్న మాట మీద అతని చూపు తప్పకుండా ఆగుతుంది.

మూడో వాక్యం: ఒక్క శాంపిల్

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మీ దగ్గర మూడు పాత పనులు ఉన్నాయనుకోండి. ఒక స్కూలుకు ఫీజుల డ్యాష్‌బోర్డు చేశారు, రంగురంగుల చార్టులతో చూడ్డానికి చాలా బాగుంటుంది. నెల్లూరు వైపు రొయ్యల చెరువులకు మేత రికార్డు తయారు చేశారు. కావలిలో ఒక టైల్స్ షాపు స్టాకు షీటు సరిచేశారు, అది చూడ్డానికి మామూలు పట్టికే. చాలామంది స్కూలు డ్యాష్‌బోర్డు పంపుతారు, లేదా మూడూ పంపేస్తారు. పంపాల్సింది టైల్స్ షాపు ఒక్కటే. కారణం టైల్స్, గ్రానైట్ దగ్గర దగ్గర వ్యాపారాలు కావడం మాత్రమే కాదు, రెండు చోట్లా జబ్బు ఒకటే. అక్కడ ఒకే కాలమ్‌లో ఒకరు బాక్సులు రాశారు, ఇంకొకరు పీసులు రాశారు, ఒకే టైల్ మూడు రకాల స్పెల్లింగులతో మూడుసార్లు ఎక్కింది. పోస్టులో ఉన్న జబ్బు మీ శాంపిల్‌లో ఉందా, అది నయమైనట్టు కనబడుతోందా అని చూసుకోండి, ఎంపికకు అదొక్కటే కొలమానం. మూడు లింకులు పెడితే ఏది చూడాలో తేల్చుకునే పని అతని మీద పడుతుంది, అప్పుడు ఏదీ తెరవడు.

ఎంచుకున్న తర్వాత దాన్ని కత్తిరించాలి. మొత్తం షీటు పంపవద్దు. తప్పు కంటికి కనబడే ఇరవై వరుసలు తీసుకోండి. మొదటి పేజీలో షాపు వాళ్లు ఇచ్చినట్టే ఉన్న వరుసలు, రెండో పేజీలో మీరు సరిచేసినవి. ఒక వరుసలో 12 అని, దాని కింద వరుసలో అదే టైల్‌కు 48 అని ఉంటే, ఆ రెండడుగుల టైల్ బాక్సుకు నాలుగు వస్తాయి కాబట్టి రెండూ ఒకే సరుకు. రెండో పేజీలో ఆ రెండు వరుసలూ ఒకటై, పక్కన "12 బాక్సులు, 48 పీసులు" అని కనిపించాలి. మీరు తేల్చలేక షాపు యజమానిని అడిగిన ఒకటి రెండు వరుసలను కూడా పసుపు రంగుతో అలాగే ఉంచండి, ఎందుకంటే రెండో వాక్యంలో మీరు చెప్పిన పద్ధతి అక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది. రెండు పేజీలనూ పీడీఎఫ్ చేయండి. క్లయింటు యార్డులో నిలబడి ఫోన్‌లో చూస్తాడు, వెడల్పాటి ఎక్సెల్ షీటు ఫోన్‌లో తెరిస్తే సగం కాలమ్స్ బయటే ఉండిపోతాయి. అందుకని నాలుగైదు కాలమ్స్ మాత్రమే ఉంచి, జూమ్ చేయకుండా చదవగలుగుతున్నారా అని మీ ఫోన్‌లోనే చూసుకోండి.

పాత క్లయింటు వివరాల విషయంలో జాగ్రత్త. ముందు ఆయన్ను అడగండి, "అన్నా, మీ షీటులో ఇరవై వరుసలు, ధరలు, పేర్లు లేకుండా వేరేవాళ్లకు శాంపిల్‌గా చూపించొచ్చా?" అని ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. ధరల కాలమ్‌ను ఎక్సెల్‌లో హైడ్ చేసి పంపితే ఎవరైనా అన్‌హైడ్ చేసి చూడగలరు, పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీసినా కింద అక్షరాలు అలాగే ఉండిపోయే అవకాశం ఉంది. కాబట్టి కాపీ తీసుకుని, ఆ కాలమ్‌ను పూర్తిగా తీసేసి, ఆ తర్వాతే పీడీఎఫ్ చేయండి. ఫైలు పేరులో కూడా షాపు పేరు లేకుండా చూసుకోండి.

గూగుల్ డ్రైవ్‌లో పెడితే షేరింగ్‌లో `Anyone with the link` ఎంచుకుని, పక్కన `Viewer` ఉంచండి. తర్వాత బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఆ లింకు అతికించి చూడండి. మీ అకౌంటులో ఎప్పుడూ తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ చూసి లాభం లేదు. యాక్సెస్ కోసం రిక్వెస్టు పంపమని క్లయింటుకు కనబడిందంటే, అతను రిక్వెస్టు పంపి మీ కోసం ఎదురుచూడడు, తర్వాతి మెసేజ్‌కు వెళ్లిపోతాడు.

వాక్యంలో లింకు పెట్టి ఊరుకోకుండా, అందులో ఏం చూడాలో కూడా చెప్పండి:

"కావలిలో ఒక టైల్స్ షాపుకు ఇలాంటి పనే చేశాను, ఈ లింకులో మొదటి పేజీ వాళ్లిచ్చిన షీటు, రెండో పేజీ నేను సరిచేసింది, ధరలు వాళ్ల కోరిక మీద తీసేశాను."

పాత పని ఏదీ లేనివాళ్లు ఇరవై వరుసల గ్రానైట్ షీటు సొంతంగా తయారు చేసుకోవచ్చు, పోస్టులో చెప్పిన తప్పులన్నీ అందులో పెట్టి, సరిచేసి చూపించాలి. ఒక సాయంత్రం పట్టే పని. అప్పుడు మూడో వాక్యం "మీ పోస్టు చూసి నమూనా కోసం నేనే తయారు చేసిన షీటు ఇది" అని మొదలవ్వాలి. ఎవరికో చేసినట్టు రాయవద్దు, తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు, పైగా నిజం చెప్పిన నమూనాకు విలువ తక్కువేమీ కాదు, అతని పోస్టు కోసమే కష్టపడ్డారని తెలుస్తుంది.

నాలుగో వాక్యం: ఎప్పటికి, ఎంతకు, ఎంతవరకు

"బడ్జెట్ మీరే చెప్పండి సార్" అని వదిలేస్తే పని ఎంతో మీకు తెలియలేదని అర్థం చేసుకుంటారు. కాగితం మీద గంటలు వేయండి. మూడు షీట్లు కలిపి ఫార్ములాలు పెట్టడానికి ఐదు గంటలు. పదింట ఒకటి అనుమానపు వరుస అనుకుంటే 180, ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకుంటే ఆరు గంటలు. చివర్లో యార్డువారీగా స్లాబుల సంఖ్య సరిచూడడానికి మూడు గంటలు, సవరణలకు ఒక గంట. మొత్తం పదిహేను. మీ గంట రేటు 400 అయితే 6,000 రూపాయలు. మీ రేటు వేరే అయితే అంకె మారుతుంది, లెక్క వేసే తీరు మాత్రం ఇదే. ఈ వివరణ అంతా పిచ్‌లోకి వెళ్లదు, క్లయింటు "ఎందుకంత?" అంటే చెప్పడానికి మీ దగ్గర ఉంటుంది.

"1,800 స్లాబుల దాకా అయితే, ఫైళ్లు అందిన ఐదు రోజుల్లో, ఒక విడత సవరణలతో కలిపి 6,000 రూపాయలకు చేసిస్తాను."

వారం అడిగాడు కదా అని రేపే ఇస్తానని రాయకండి. ఐదు రోజులంటే అతనికి చూసుకోవడానికి రెండు రోజులు మిగులుతాయి. గడువు "ఫైళ్లు అందిన" దగ్గర్నుంచి లెక్క అన్నది కూడా వదలకండి, మూడో యార్డు షీటు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చే సందర్భాలు ఎన్నో ఉంటాయి.

ఐదో వాక్యం: ఒకే ప్రశ్న

చివరి వాక్యం "మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను" అని ఉంటే అతను ఏం జవాబివ్వాలో తెలియదు. ఒక్క మాటలో చెప్పగలిగే ప్రశ్న అడగండి, ఆ జవాబును బట్టి పని నిజంగా మారేదై ఉండాలి. మొదట్లో పక్కన పెట్టిన గ్రాస్, నెట్ ఇక్కడ పనికొస్తుంది. 300, 180 స్లాబుకు పొడవులో ఐదు, ఎత్తులో ఐదు సెంటీమీటర్లు తగ్గిస్తే 295, 175, అంటే 55.57 చదరపు అడుగులు. గ్రాస్‌కూ దానికీ తేడా ఒక్క స్లాబు మీదే 2.56 చదరపు అడుగులు. స్లాబులన్నీ అదే సైజులో ఉన్నాయనుకుంటే 1,800 స్లాబుల మీద 4,600 చదరపు అడుగులు దాటుతుంది. ఒక యార్డువాళ్లు గ్రాస్, ఇంకో యార్డువాళ్లు నెట్ రాసి ఉంటే కలిపిన షీటుకు అర్థమే లేదు. వ్యాపారికి ఈ ప్రశ్న చూడగానే అవతల మనిషికి సరుకు తెలుసని అర్థమవుతుంది:

"ఒక్క విషయం చెప్పండి సార్, మీ మూడు షీట్లలో సైజులు గ్రాస్ కొలతలా, నెట్ కొలతలా?"

పోస్టులో ఇప్పటికే ఉన్నదాన్ని మాత్రం అడగవద్దు. ఎన్ని స్లాబులు సార్ అని అడిగితే పోస్టు చదవలేదని మీరే చెప్పినట్టు.

ఐదు వాక్యాలూ కలిపి పైకి చదవండి. ఊపిరి అందకపోతే అక్కడ వాక్యం ఎక్కువైంది, ఒక ముక్క తీసేయాలి. ఐదు వాక్యాలు అన్నాం కదా అని ఒక్కోదాంట్లో మూడు వాక్యాలు కుక్కితే ప్రయోజనం పోతుంది. క్లయింటు విదేశాల్లో ఉంటే ఇంగ్లిషులో రాస్తారు, అప్పుడు కూడా ఇదే వరస. అప్‌వర్క్‌లో కాంట్రాక్టు మొదలవక ముందు ఫోన్ నంబరు, ఈమెయిలు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి పిచ్‌లో గానీ, శాంపిల్ పీడీఎఫ్ కింద గానీ అవి లేకుండా చూసుకోండి.

పంపిన తర్వాత

వాట్సాప్‌లో పంపినదానికి జవాబు రాకపోతే మూడు రోజులు ఆగి ఒక్కసారి మాత్రం అడగండి, "సార్, ఇంకా మనిషి కుదరకపోతే ఒక యార్డు షీటులో 20 వరుసలు పంపండి, సరిచేసి చూపిస్తాను" అని. ఇరవై వరుసలు ఉచితంగా చేయొచ్చు, అంతకు మించి వద్దు. అప్పటికీ పలకకపోతే వదిలేయండి.

వరసగా ఏడెనిమిది పిచ్‌లు పంపాక జవాబుల తీరు చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మెసేజ్ తెరవనే లేదంటే మొదటి వాక్యం మార్చాలి. తెరిచి చూసి మాట్లాడలేదంటే ముందు లింకు, తర్వాత శాంపిల్ ఎంపిక చూసుకోండి. "ఇది మీకు వచ్చా?" అని అడుగుతున్నారంటే రెండో వాక్యం వాళ్లకు అర్థం కాలేదు. రేటు దగ్గర బేరం మొదలైందంటే భయపడనక్కర్లేదు, మొదటి మూడు వాక్యాలూ పనిచేశాయి.

"నెట్ అండీ, ఒక యార్డులో మాత్రం గ్రాస్ రాసినట్టున్నారు, ఎప్పుడు మొదలుపెడతారు?" అని వస్తే, వెంటనే మూడు ఫైళ్లూ తెప్పించుకుని పని మొదలుపెట్టే ముందు మొత్తం వరుసలు లెక్కపెట్టండి. 2,600 ఉన్నాయనుకోండి, "1,800 దాకా" అని రాసి ఉంది కాబట్టి కొత్త రేటు, కొత్త గడువు అప్పుడే మాట్లాడుకోవాలి. అది తేలాక సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకుని, లేదా ప్లాట్‌ఫామ్‌లో అయితే మైల్‌స్టోన్‌కు డబ్బు జమ అయిందని చూసుకుని, ముందుగా ఆ గ్రాస్ రాసిన యార్డు షీటు తెరవండి.